కరెంటు పోయినా ఇంటి సర్వర్ బయటి నుంచి అందాలంటే: బ్యాటరీ ఎంత, ఎలా

మే నెల సాయంత్రం విశాఖ మధురవాడలో గాలివాన మొదలై కరెంటు పోయిందనుకోండి. మీరు గాజువాకలో ఆఫీసులో ఉన్నారు. ఇంట్లో సర్వర్ మీద ఉన్న ఫైలు ఒకటి ఇప్పుడే కావాలి. ఆ ఫైలు మీ ఫోనుకు రావాలంటే ఇంట్లో మూడు పెట్టెలు బతికి ఉండాలి: ఫైబర్ వైరు వచ్చి చేరే పెట్టె, వైఫై రూటరు, సర్వర్. మూడూ కలిపి ఒక ఎల్‌ఈడీ ట్యూబులైటు కంటే ఎక్కువ తినవు. అందుకే పెద్ద ఇన్వర్టర్ లేకుండా, చెప్పుల పెట్టెలో పట్టే బ్యాటరీతో నాలుగైదు గంటలు నడిపించవచ్చు. కానీ ఆ బ్యాటరీ సైజు డబ్బా మీది అంకెలు చూసి తేల్చేది కాదు, కొలిచి తేల్చాల్సింది.

ముందు లైను సంగతి తేల్చుకోండి

నాలుగో పెట్టె ఒకటుంది, అది మీ చేతిలో లేదు. మీ ఇంటికి నేరుగా ఫైబర్ వస్తుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు. కంపెనీ ఎక్స్ఛేంజి నుంచి మీ గోడ దాకా మధ్యలో ఉండేవి వెలుతురును పంచే గాజు స్ప్లిటర్లే, వాటికి కరెంటుతో పని లేదు. అదే అపార్టుమెంటు కింద ఒక స్విచ్ పెట్టి, అక్కడి నుంచి ప్రతి ఫ్లాటుకీ మామూలు ల్యాన్ కేబుల్ లాగిన కనెక్షన్ అయితే కథ వేరు. ఆ స్విచ్ కామన్ మీటరు మీద ఉంటుంది. కరెంటు పోతే అదీ ఆరిపోతుంది, ఇక మీ ఇంట్లో ఎంత బ్యాటరీ పెట్టినా ఇంటర్నెట్ ఉండదు.

తెలుసుకోవడం తేలిక. ఏదైనా చిన్న పవర్ సోర్సు, పక్కింటి ఇన్వర్టర్ ప్లగ్గయినా సరే, అరువు తీసుకుని ఫైబర్ పెట్టెను దాని మీద ఉంచి, నిజంగా వీధిలో కరెంటు పోయినప్పుడు చూడండి. మీ మెయిన్ మీరు ఆపి చూస్తే లాభం లేదు, అప్పుడు వీధిలో కరెంటు ఉంటుంది కదా. `PON` లైటు పచ్చగా నిలకడగా ఉండి `LOS` ఎర్రగా వెలగకపోతే అవతలి పరికరం బతికే ఉన్నట్టు. అరగంట తర్వాత మళ్లీ చూడండి. కొన్ని చోట్ల వీధి చివర కేబుల్ ఆపరేటర్ పెట్టెలో చిన్న బ్యాటరీ ఉంటుంది. అది పాతబడితే పది, ఇరవై నిమిషాలకే చేతులెత్తేస్తుంది. మీ లైను సరిగ్గా ఇరవై నిమిషాలకే ఆగిపోతుంటే మూడు గంటల బ్యాటరీ కొనడం దండగ. ముందు ఆపరేటర్‌తో ఆ బ్యాటరీ మార్పించండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఇప్పటికే ఉంటే

150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ ఉన్న ఇంట్లో గంటల గురించి బెంగ అక్కర్లేదు. అక్కడ ఇబ్బంది మార్పిడి క్షణంలో వస్తుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ సెకనులో చిన్న భాగాన్ని ఫ్యానూ లైటూ పట్టించుకోవు, సర్వర్ మాత్రం రీస్టార్ట్ అయిపోతుంది. ముందు ఇన్వర్టర్ వెనక ఉన్న `UPS` మోడ్ స్విచ్ వేసి చూడండి, చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. అప్పటికీ రీస్టార్ట్ అవుతుంటే మధ్యలో ఒక చిన్న డీసీ యూపీఎస్ చాలు, దాని సైజు గురించి ఆలోచించనక్కర్లేదు.

ఇన్వర్టర్ లేని ఇంట్లో మాత్రం కేవలం ఈ మూడు పెట్టెల కోసం ఇన్వర్టర్ కొనవద్దు. బ్యాటరీ 12 వోల్టులను 230కి పెంచి, మళ్లీ ఎడాప్టర్లతో 12కి దించడం రెండు సార్లు నష్టం. పైగా లోడేమీ లేకున్నా ఇన్వర్టర్ తన కోసం తాను పది, ఇరవై వాట్లు తింటూనే ఉంటుంది. మన లోడే ఇరవై వాట్లయితే సగం బ్యాటరీ దానికే పోతుంది. అందుకే 12 వోల్టుల్లోనే నిలబడదాం.

కొలవండి, లేబులు నమ్మకండి

ఎడాప్టర్ మీద `12V 1.5A` అని ఉంటే అది ఇవ్వగలిగిన గరిష్ఠం. పెట్టె తినేది అందులో సగమో మూడో వంతో. ప్లగ్గుకూ గోడకూ మధ్య పెట్టే వాట్‌మీటరు ఒకటి కొని, మూడు ఎడాప్టర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి, రోజంతా వదిలేయండి. మరునాడు యూనిట్ల అంకెను 1000తో గుణించి 24 గంటలతో భాగిస్తే సగటు వాట్లు వస్తాయి. ఆ క్షణానికి కనిపించే అంకె కాకుండా సగటు తీసుకోవాలి, ఎందుకంటే సర్వర్ రాత్రి బ్యాకప్ తీసుకునేటప్పుడు తినేది వేరు, ఖాళీగా ఉన్నప్పుడు వేరు.

ఒక ఉదాహరణ చివరి దాకా లెక్కిద్దాం. ఫైబర్ పెట్టె, రూటరు, 12 వోల్టుల ఎడాప్టర్‌తో నడిచే ఒక మినీ పీసీ. లేబుళ్లు కలిపితే 12 + 18 + 36, అంటే 66 వాట్లు. వాట్‌మీటరు చూపిన సగటు 24 వాట్లు. అందులో ఎడాప్టర్లు వేడి రూపంలో పోగొట్టేది తీసేస్తే పెట్టెలకు నిజంగా చేరేది దాదాపు 21 వాట్లు: ఫైబర్ పెట్టెకు 5, రూటరుకు 7, సర్వర్‌కు 9. లేబులు నమ్మి ఉంటే మూడింతల బ్యాటరీ కొనేవాళ్లు.

రెండో అంకె కూడా రాసుకోండి. సర్వర్‌ను గట్టిగా పనిలో పెట్టి, ఒక పెద్ద వీడియోను మార్పిడి చేయించి, అప్పుడు మీటరులో కనిపించే గరిష్ఠం చూడండి. మన ఉదాహరణలో సర్వర్ 25 వాట్ల దాకా ఎగబాకుతుంది, మొత్తం 37. బ్యాటరీ సైజుకు సగటు కావాలి, వోల్టేజిని 12 దగ్గర నిలిపే కన్వర్టరూ, చార్జరూ ఎంచుకోవడానికి ఈ గరిష్ఠం కావాలి. ఈ రెండూ కలగలిపితేనే చాలా సెట్టింగులు చెడతాయి.

బ్యాటరీ లెక్క

నాలుగు గంటలు కావాలనుకుందాం. లైను మరమ్మతుల కోతకూ, గాలివాన తర్వాత కొమ్మలు తొలగించి కరెంటు ఇచ్చేదాకా పట్టే సమయానికీ ఇది సరిపోయే అంకె. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి దానికి ఎవరూ బ్యాటరీ లెక్క కట్టకూడదు. రోజుల తరబడి కరెంటు లేనప్పుడు స్తంభాల మీది ఫైబర్ కూడా తెగి ఉంటుంది.

```
21 W × 4 h = 84 Wh
84 ÷ 0.9 ÷ 0.8 ÷ 0.8 ≈ 146 Wh
```

0.9 అనేది కన్వర్టర్‌లో పోయే నష్టానికి. మొదటి 0.8 బ్యాటరీని అడుగంటా పిండకుండా ఐదో వంతు మిగల్చడానికి. రెండో 0.8 ముసలితనానికి: కొన్నేళ్ల తర్వాత బ్యాటరీ ఎనభై శాతమే పట్టినా మీ నాలుగు గంటలు మీకు దక్కాలి. 12.8 వోల్టులు, 12 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ అంటే 153 వాట్ అవర్లు. సరిగ్గా మనకు కావలసింది. డబ్బా మీద `LiFePO4` అని, లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సర్క్యూట్ ఉందని రాసి ఉండాలి.

ఇక్కడ రూటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్‌ల మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. `8800mAh, 12V` అని ఉంటే 8.8ని 12తో గుణించి 105 వాట్ అవర్లు, ఐదు గంటలు వస్తుందనుకుంటారు. ఆ 8800 లోపలి సెల్లులది, సెల్లు వోల్టేజి 3.7. కాబట్టి అసలు శక్తి 32 వాట్ అవర్లు. దాన్ని 12 వోల్టులకు పెంచేటప్పుడు పోయేది తీసేస్తే చేతికొచ్చేది 28. మన మూడు పెట్టెలకు గంటా ఇరవై నిమిషాలు. పైగా అవుట్‌పుట్ 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు మాత్రమే ఇస్తుంది. సర్వర్ 25కి ఎగబాకగానే మూడూ కలిసి ఆరిపోతాయి. సర్వర్ లేకుండా ఫైబర్ పెట్టె, రూటరు రెండే ఉన్న ఇంటికి మాత్రం ఇది మంచి వస్తువే, రెండు గంటల పైన నడుపుతుంది. కొనేముందు `Wh` అంకె ఎక్కడ రాసి ఉందో వెతకండి, దాన్నొక్కటే నమ్మండి.

సీల్డ్ లెడ్ యాసిడ్ 12 వోల్టులు 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ చవక. కానీ తరచూ సగానికి మించి ఖాళీ చేస్తే అది త్వరగా చస్తుంది, వేడి దానికి అసలు పడదు. సగటున పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని దాని లెక్క. మన వేసవిలో మూసిన అల్మారాలో పెడితే రెండో ఏడాదికే మార్చాల్సి రావచ్చు.

ఏమేం కొనాలి

బ్యాటరీ కాక రెండు ముఖ్యమైన భాగాలున్నాయి. మొదటిది చార్జర్ కలిసి ఉన్న 13.8 వోల్టుల పవర్ సప్లై. సెక్యూరిటీ అలారాలకూ, గేటు తాళాలకూ వాడేది ఇదే. డాబాగార్డెన్స్ వైపు సీసీటీవీ సామాను దుకాణాల్లో “బ్యాటరీ బ్యాకప్ ఉన్న పవర్ సప్లై” అని అడగండి. దానికి లోడు టెర్మినల్ వేరు, బ్యాటరీ టెర్మినల్ వేరు. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ నుంచి లోడుకు తానే దారి ఇస్తుంది. 100 వాట్ల రకం తీసుకోండి. అందులో లోడుకు దాదాపు 4.5 ఆంపియర్లు, బ్యాటరీకి 2.5 ఆంపియర్లు దొరుకుతాయి. 60 వాట్ల రకంలో లోడుకు 2.8 ఆంపియర్లే, అంటే 38 వాట్లు. మన గరిష్ఠం 37, కన్వర్టర్ నష్టంతో 41. ఆ మూడు వాట్ల తేడాకే ఏదో ఒక రాత్రి బ్యాకప్ మధ్యలో ఆగిపోతుంది.

దీనికి బదులు ఎస్ఎంపీఎస్ అనే మామూలు 12 వోల్టుల పవర్ సప్లైను స్క్రూ తిప్పి 13.8కి పెంచి బ్యాటరీకి తగిలించే అలవాటు కొందరికి ఉంది. బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపూ బాగానే నడుస్తుంది. ఖాళీ అయిన బ్యాటరీ మాత్రం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. చాలా ఎస్ఎంపీఎస్‌లు దాన్ని షార్టుగా భావించి టక్ టక్ మంటూ ఆగి మొదలవుతూ ఉంటాయి. కరెంటు తిరిగొచ్చిన తర్వాతే అంతా ఆరిపోయిందంటే కారణం ఇదే. 14.6 వోల్టుల లిథియం చార్జర్‌ను శాశ్వతంగా తగిలించి ఉంచడం కూడా సరికాదు. అది కరెంటు బాగా తగ్గాక ఆగేలా తయారైంది. మన లోడు ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది కాబట్టి అది ఆగదు, బ్యాటరీ ఏళ్ల తరబడి 14.6 మీదే ఉండి త్వరగా అరుగుతుంది. 13.8 దగ్గర ఈ బ్యాటరీ కాస్త నెమ్మదిగానైనా దాదాపు నిండుతుంది, అక్కడే ఉన్నా హాయిగా ఉంటుంది.

రెండోది బక్-బూస్ట్ కన్వర్టర్, 12 వోల్టుల స్థిరమైన అవుట్‌పుట్, నిరంతరంగా 5 ఆంపియర్లు ఇచ్చేది. కరెంటు ఉన్నప్పుడు సప్లై నుంచి 13.8 వస్తుంది, బ్యాటరీ మీద 13.2తో మొదలై చివరికి 11 దాకా దిగుతుంది. రూటరు చాలామటుకు ఈ ఎగుడుదిగుళ్లు ఓర్చుకుంటుంది. మినీ పీసీలు కొన్ని ఓర్చుకోవు. దించడం మాత్రమే చేసే బక్ రకం కొంటే, బ్యాటరీ 12 దాటి దిగగానే అవుట్‌పుట్ కూడా దిగిపోతుంది. బక్-బూస్ట్ అయితే ఆఖరి దాకా 12 ఇస్తుంది. మీ సర్వర్ 19 వోల్టులదైతే దానికి వేరే బూస్ట్ కన్వర్టర్ కావాలి.

వైర్లు, పిన్నులు

బ్యాటరీ ప్లస్ దగ్గర, జానెడు దూరం లోపలే, 7.5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజు వేయండి. చివర్లో వేస్తే మధ్యలో వైరు గీసుకుపోయి షార్టయినప్పుడు ఫ్యూజు పనికిరాదు. ఈ బ్యాటరీ క్షణంలో వైరును ఎర్రగా కాల్చగలదు.

సర్వర్ దాకా వెళ్లే వైరు 1 చదరపు మిల్లీమీటరు రాగి అయి ఉండాలి. సీసీటీవీ పిన్నులకు ముందే అతికించి వచ్చే జుట్టులాంటి వైరు వాడితే రెండు మీటర్ల దూరానికి, పోనూ రానూ కలిపి, 3 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు పోతుంది. సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు అంతా బాగానే ఉంటుంది, గట్టి పని మొదలవగానే రీస్టార్ట్ అవుతుంది. ఈ లక్షణం కనిపిస్తే బ్యాటరీని అనుమానించకండి. సర్వర్ పనిలో ఉండగా దాని పిన్ను దగ్గర మల్టీమీటరు పెట్టండి. 11.5 కంటే తక్కువ చూపిస్తే దోషం వైరుది.

పిన్నుల్లో రెండు రకాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపలి రంధ్రం 2.1, 2.5 మిల్లీమీటర్లు. 2.1 పుల్లకు 2.5 పిన్ను పెడితే దూరుతుంది గానీ వదులుగా ఉండి, ఎవరైనా బల్ల తుడిచినప్పుడల్లా కనెక్షన్ తెగుతుంది. పెట్టేముందు పెట్టె వెనక గుర్తు చూసి మధ్యలో ప్లస్ ఉందో లేదో తేల్చుకోండి. తర్వాత కన్వర్టర్ అవుట్‌పుట్ 12.0 అని మీటరులో చూశాకే మొదటి పిన్ను పెట్టండి. స్క్రూతో సర్దే కన్వర్టర్లు కొత్తవి ఏ వోల్టేజి మీద వస్తాయో చెప్పలేం.

సర్వర్‌ను ముందే పడుకోబెట్టండి

బ్యాటరీ అయిపోయినప్పుడు బీఎంఎస్ ఒక్క దెబ్బన కట్ చేస్తుంది. డేటాబేస్ రాస్తున్న మధ్యలో అలా జరగకూడదు. పైగా సర్వర్ ముందే పడుకుంటే మిగిలిన బ్యాటరీతో ఇంటర్నెట్ ఇంకా నడుస్తుంది. మూడు గంటలకు సర్వర్ ఆగితే 63 వాట్ అవర్లు ఖర్చవుతాయి. ముసలి బ్యాటరీలో కూడా ఇంకో 25 ఉంటాయి, ఫైబర్ పెట్టెకూ రూటరుకూ కలిపి 12 వాట్లే కాబట్టి మరో రెండు గంటలు.

కరెంటు పోయిందని సర్వర్‌కు ఎలా తెలియాలి? బ్యాటరీ మీద లేని వైఫై స్మార్ట్ ప్లగ్ ఒకటి మామూలు సాకెట్‌లో పెట్టి, రూటరులో దానికి మారని అడ్రసు ఇవ్వండి. అది పలకకపోతే కరెంటు లేనట్టు. కింది స్క్రిప్టును `/usr/local/bin/mains-check` గా రూట్ యూజరుతో పెట్టి `chmod +x` చేయండి. అందులో 192.168.1.1 రూటరు, 192.168.1.60 ప్లగ్గు.

```bash
#!/bin/bash
F=/var/lib/mains_off_min
[ "$(cut -d. -f1 /proc/uptime)" -lt 600 ] && exit 0
ping -c 2 -W 2 192.168.1.1 >/dev/null || exit 0
if ping -c 5 -W 2 192.168.1.60 >/dev/null; then
  echo 0 > "$F"; exit 0
fi
n=$(( $(cat "$F" 2>/dev/null || echo 0) + 1 ))
echo "$n" > "$F"
[ "$n" -ge 180 ] && /usr/sbin/rtcwake -m off -s 7200
```

నిమిషానికోసారి నడవడానికి `/etc/cron.d/mains-check` లో ఈ ఒక్క లైను:

```
* * * * * root /usr/local/bin/mains-check
```

రూటరే పలకకపోతే స్క్రిప్టు ఏమీ చేయదు, ఎందుకంటే అది కరెంటు పోయినట్టు కాదు, రూటరు చెడినట్టు. చివరి లైనులో `shutdown` బదులు `rtcwake` ఎందుకంటే, బయాస్‌లో కరెంటు రాగానే ఆన్ అవ్వమని పెట్టినా ఇక్కడ అది పనిచేయదు. సర్వర్ పడుకున్నా దాని పిన్ను దగ్గర బ్యాటరీ 12 వోల్టులు ఇస్తూనే ఉంది, కాబట్టి దాని దృష్టిలో కరెంటు పోనూ లేదు, రానూ లేదు. కరెంటు వచ్చి గంటలయినా సర్వర్ నిద్రపోతూనే ఉంటుంది. `rtcwake` రెండు గంటల తర్వాత లేపుతుంది. కరెంటు వచ్చి ఉంటే కొనసాగుతుంది, రాకపోతే పది నిమిషాలు చూసి మళ్లీ పడుకుంటుంది. బయాస్ సెట్టింగు కూడా ఆన్‌లోనే ఉంచండి, బ్యాటరీ పూర్తిగా అయిపోయిన రోజు అదే లేపుతుంది. ముందుగా `rtcwake -m off -s 300` ఇచ్చి మీ యంత్రం ఐదు నిమిషాలకు నిజంగా లేస్తుందో లేదో చూసుకోండి. రాస్ప్‌బెర్రీ పై 4లో గడియారపు చిప్పు లేదు కాబట్టి ఈ పద్ధతి నడవదు.

స్మార్ట్ ప్లగ్గు చెడిపోతే సర్వర్ రెండు గంటలకోసారి లేచి పడుకుంటూ ఉంటుంది. ఆ పది నిమిషాల్లో లోపలికి వెళ్లి `/etc/cron.d/mains-check` తీసేస్తే నిలబడుతుంది.

పరీక్ష

బ్యాటరీ ఒక రాత్రంతా చార్జయ్యాక పవర్ సప్లై ప్లగ్గు పీకండి, స్మార్ట్ ప్లగ్గు ఉన్న సాకెట్ కూడా ఆపండి. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటాతో సర్వర్‌ను తెరవండి. ఇంటి వైఫై మీద తెరిస్తే బయటి దారి బతికుందో లేదో తెలియదు. టైము రాసుకుంటూ మొదటిసారి చివరి దాకా వదిలేయండి. కొత్త బ్యాటరీతో మూడు గంటలకు సర్వర్ పడుకుని, ఇంటర్నెట్ మొత్తం కనీసం ఆరేడు గంటలు ఉండాలి. నాలుగు గంటలకే అంతా ఆగిపోతే బ్యాటరీ మీద రాసినంత లేదన్నమాట, దుకాణానికి తిరిగి తీసుకెళ్లండి. అరగంట నడిచాక కన్వర్టర్ మీద వేలు పెట్టి చూడండి. నిలపలేనంత వేడి ఉంటే రేటింగు అబద్ధం.

కొన్ని వారాల తర్వాత సర్వర్‌లో `last -x reboot shutdown` కొట్టండి. ముందు `shutdown` లేకుండా వచ్చిన `reboot` ప్రతిదీ ఎక్కడో కరెంటు తెగిన క్షణం. అది రోజూ ఒకే వేళకు వస్తుంటే ఆ వేళకు నడిచే బ్యాకప్ పనినీ, వైరునూ చూడండి. కోత మొదలైన క్షణానికి వస్తుంటే సప్లై బ్యాటరీకి మారడంలో తడబడుతోంది.

పెట్టెను సముద్రం వైపు కిటికీకి, బాల్కనీకి దూరంగా, గాలి తగిలే అరలో ఉంచండి. ఈ బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు, రూటరు వేడి కూడా తోడైన మూసిన టీవీ అల్మారా మేలో ఆ దరిదాపులకు వెళ్తుంది. బీచ్ దగ్గరి ఇళ్లలో ఉప్పుగాలికి ఫ్యూజు హోల్డరూ టెర్మినళ్లూ పచ్చగా, తెల్లగా పొక్కుతాయి. ఏటా వానలకు ముందు ప్లగ్గు తీసి, ఫ్యూజు పీకి, ఆ రాగి మెరిసేదాకా గీకి, స్క్రూలు మళ్లీ బిగించి, అదే పరీక్ష ఇంకోసారి చేసి టైమును పాత టైము పక్కనే పెట్టె మీద రాయండి. మొదటి ఏడాది టైములో ముప్పావు వంతుకు దిగిన ఏడు కొత్త బ్యాటరీ తెచ్చుకోండి.